సంతకం కలవలేదని ల్యాబ్ చెప్పినంత మాత్రాన ప్రోనోటు దావా పోతుందా?

ప్రశ్న: 2021 నవంబరులో తెలిసినాయనకు ప్రోనోటు మీద 5 లక్షలు అప్పిచ్చాను. తిరిగి కట్టకపోతే 2024 అక్టోబరులో దావా వేశాను. సంతకం తనది కాదని జవాబు దావా వేసి, కోర్టు ద్వారా ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపించాడు. వకాలత్, జవాబు దావా మీద ఉన్న సంతకాలతో ప్రోనోటు సంతకం కలవడం లేదని రిపోర్టు వచ్చింది. నోటు రాసినాయన, సాక్షి సంతకం చేసినాయన ఇద్దరూ నా తరఫున చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు. ల్యాబ్ రిపోర్టు ముందు వాళ్ల మాట చెల్లుతుందా? నా మీద ఫోర్జరీ కేసు పెడతానని కూడా అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

దావా పోలేదండీ. ల్యాబ్ రిపోర్టు తీర్పు కాదు, అదీ ఒక సాక్ష్యమే. అందులోనూ అభిప్రాయ సాక్ష్యం. నోటు రాసినాయన, సాక్షి చెప్పేది తాము కళ్లారా చూసిన సంగతి. నిపుణుడు సంతకం పెడుతుండగా చూడలేదు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పరిశీలించి, తనకు తోచిన నిర్ణయం చెప్పాడు. చట్టం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టదు. అలాగని మీ సాక్షులిద్దరూ వచ్చి "మేం చూశాం" అంటే చాలనీ అనుకోకండి. ఇలాంటి రిపోర్టును పక్కన పెట్టి డిక్రీ ఇచ్చిన కోర్టులున్నాయి, అదే రిపోర్టును నమ్మి దావా కొట్టేసిన కోర్టులూ ఉన్నాయి. ఆ తేడా ఎక్కడ వస్తుందో వివరంగా రాస్తాను.

మీరు రాసిన దాంట్లో రిపోర్టు ఫలితం కంటే నాకు ముఖ్యంగా కనిపించింది దేనితో పోల్చారన్న విషయం. వకాలత్ మీద, జవాబు దావా మీద అతను సంతకం పెట్టింది దావా సమన్లు అందిన తర్వాత. అంటే సంతకం తనది కాదని చెప్పబోతున్నానని తెలిసి పెట్టిన సంతకాలు అవి. మనిషి కావాలనుకుంటే అప్పటికప్పుడు సంతకం కాస్త మార్చి పెట్టడం పెద్ద పనేం కాదు. ఒక అక్షరం మలుపు మార్చవచ్చు, మెల్లగా రాయవచ్చు, కింద గీసే గీత మానేయవచ్చు. మీ ప్రతివాది అలాగే చేశాడని నేననడం లేదు. చేసే అవకాశం ఉన్నప్పుడు ఆ సంతకాలు పోలికకు గట్టి ఆధారం కావు. మన హైకోర్టు కూడా వివాదం మొదలయ్యాక పుట్టిన సంతకాలతో పోల్చి ఇచ్చే అభిప్రాయానికి విలువ తక్కువని చెప్పింది. పైగా నోటుకూ వకాలత్‌కూ మధ్య దాదాపు మూడేళ్లు ఉంది. పోలికకు పంపే సంతకాలు వివాదంలో ఉన్న సంతకం నాటివి, లేదా దానికి దగ్గరి కాలంవి అయి ఉండాలి.

ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ల్యాబ్‌లో ఏం చేస్తారో కొంచెం తెలియాలి. ఏ మనిషీ రెండుసార్లు అచ్చు ఒకేలా సంతకం పెట్టలేడు. తొందరలో ఒకలా, నిలబడి పెడితే ఒకలా, జబ్బుగా ఉన్నప్పుడు ఒకలా వస్తుంది. దీన్ని సహజ వ్యత్యాసం అంటారు. పరిశీలకుడు ముందు ఒప్పుకున్న సంతకాలు కొన్ని చూసి, ఈ మనిషి సంతకం ఎంతమేరకు అటూ ఇటూ అవుతుందో పట్టుకోవాలి. ఆ తర్వాతే వివాద సంతకం ఆ పరిధిలో ఉందా, దాటిపోయిందా అని చెప్పగలడు. అక్షరాల ఆకారం ఒక్కటే చూస్తే సరిపోదు. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి కలం ఎలా వెళ్లింది, మధ్యలో కలం ఎక్కడ పైకి లేచింది, ఒత్తిడి ఎక్కడ ఎక్కువ ఎక్కడ తక్కువ, అక్షరాల ఎత్తుల నిష్పత్తి, వాలు ఇవన్నీ మైక్రోస్కోప్ కింద చూస్తారు. రెండు మూడు సంతకాలే ఇచ్చి, అవీ ఒకే కాలంవి అయితే ఆ మనిషి వ్యత్యాసం ఎంతో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు మామూలు తేడా కూడా "కలవడం లేదు" అన్న ముగింపుకు దారి తీయవచ్చు.

ప్రోనోటు విషయంలో ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది. సంతకం సాధారణంగా రెవెన్యూ స్టాంపు మీదుగా పెడతారు. చిన్న చోటు, అంటించిన స్టాంపు అంచు, కింద జిగురు మందం. కలం అంచు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గీత కొంచెం తెగుతుంది, వంకర పోతుంది, అక్షరాలు ఇరుక్కుంటాయి. చదునైన కాగితం మీద విశాలంగా పెట్టిన వకాలత్ సంతకంతో దాన్ని పోల్చినప్పుడు, ఈ తేడా స్టాంపు వల్ల వచ్చిందా, చెయ్యి వేరవడం వల్ల వచ్చిందా అన్నది పరిశీలకుడు విడదీసి చెప్పాలి. మీ రిపోర్టులో స్టాంపు గురించి ఒక్క మాటైనా ఉందేమో చూడండి. లేకపోతే నిపుణుడిని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఇక కోర్టులు ఎలా తూకం వేస్తాయన్న విషయానికి వస్తాను. మీ దావా 2024 జూలై 1 తర్వాతది కాబట్టి దానికి భారతీయ సాక్ష్య అధినియం వర్తిస్తుంది. నిపుణుల అభిప్రాయం గురించి పాత చట్టంలో 45వ సెక్షన్ ఉండేది, ఇప్పుడది 39. విషయం పెద్దగా మారలేదు కాబట్టి పాత తీర్పులన్నీ పనికొస్తాయి. 1963లో ఒక వీలునామా వివాదంలో సుప్రీంకోర్టు, చేతిరాత నిపుణుడి సాక్ష్యం అభిప్రాయం మాత్రమేననీ, అది అసలు సాక్ష్యం స్థానంలోకి రావడం అరుదనీ చెప్పింది. దాని మీద నడిచే ముందు ప్రత్యక్ష సాక్ష్యమో, పరిస్థితులో దాన్ని బలపరుస్తున్నాయా అని చూడాలంది. 2019లో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక అగ్రిమెంటు కేసులో కూడా, కాగితం రాసినాయన, సాక్షి నిలకడగా చెప్పిన మాటలుండగా నిపుణుడి అభిప్రాయం మీద ఆధారపడి హైకోర్టు ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు పక్కన పెట్టింది. మీ పరిస్థితికి ఇది బాగా దగ్గర. మీ లాయరు గారితో ఈ తీర్పు గురించి తప్పక మాట్లాడండి.

కానీ చాలామంది ఈ తీర్పులు చదివి, నిపుణుడి మాటకు విలువే లేదన్నట్టు వాదిస్తారు. అది తప్పు. 1979లో మురారీలాల్ కేసులో జస్టిస్ చిన్నపరెడ్డి గారు రాసిన తీర్పు ఈ విషయం మీద నేను చూసినవాటిలో అన్నిటికంటే స్పష్టమైనది. అది ఒక హత్య కేసు. నేరం జరిగిన చోట దొరికిన కొన్ని వాక్యాల రాత ముద్దాయిదేనని నిపుణుడు చెప్పాడు. వేరే బలపరిచే సాక్ష్యం లేనిదే నిపుణుడి మాట నమ్మకూడదన్న నియమం చట్టంలో లేదని సుప్రీంకోర్టు తేల్చింది. నిపుణుడు నేరంలో పాలుపంచుకుని అప్రూవర్‌గా మారినవాడు కాదు, అతన్ని మొదటి నుంచే అనుమానంతో చూడాల్సిన పని లేదంది. అయితే చేతిరాత శాస్త్రం వేలిముద్రల శాస్త్రమంత కచ్చితమైనది కాదు కాబట్టి జాగ్రత్తగా చూడాలి, అతను చెప్పిన కారణాలను లోతుగా పరీక్షించాలి, మిగతా సాక్ష్యంతో కలిపి చూడాలి అంది. కారణాలు నమ్మదగ్గవై, వాటిని అనుమానించే సాక్ష్యం ఇంకేదీ లేకపోతే, ఒక్క నిపుణుడి మాట మీదైనా నడవవచ్చని కూడా అందులో ఉంది. మీ ప్రతివాది లాయరు గారు ఈ భాగమే చదివి వినిపిస్తారు.

అంటే కోర్టు చూసేది రెండు విషయాలు. రిపోర్టులో కారణాలు ఎంత గట్టివి, దాని చుట్టూ ఉన్న మిగతా సాక్ష్యం ఎటు మొగ్గుతోంది. ఇది అర్థం కావడానికి "సంతకాలు కలవడం లేదు" అన్న ఒకే రకం రిపోర్టు వచ్చిన రెండు దావాలు ఊహించండి. రెండింటిలోనూ అప్పు 5 లక్షలే, నూటికి రూపాయిన్నర వడ్డీ.

మొదటి దావాలో వాది నోటు తేదీకి ముందురోజు బ్యాంకు నుంచి 3 లక్షలు తీసినట్టు స్టేట్‌మెంట్ ఉంది. నోటు రాసినాయన క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నించినప్పుడు, ఎక్కడ రాశారు, స్టాంపు ఎవరు తెచ్చారు, ముందు ఎవరు సంతకం చేశారు అన్న ప్రశ్నలకు చెప్పిన జవాబులు, సాక్షి చెప్పినవాటితో కలిశాయి. నోటు తేదీ తర్వాత వరసగా నాలుగు నెలలు ప్రతివాది ఫోన్ నుంచి వాది ఖాతాకు నెలనెలా 7,500 వచ్చాయి. ఐదు లక్షలకు రూపాయిన్నర లెక్కన నెల వడ్డీ సరిగ్గా అంతే. ఆ డబ్బు ఎందుకు పంపాడో ప్రతివాది చెప్పలేకపోయాడు. దావాకు ముందు వచ్చిన లాయరు నోటీసుకు ఇచ్చిన జవాబులో సంతకం తనది కాదన్న మాటే లేదు, కొంత గడువు కావాలన్నాడు. రిపోర్టు మాత్రం వకాలత్ సంతకంతో పోల్చి ఇచ్చింది. ఇలాంటి దావాలో ఏ జడ్జి గారైనా రిపోర్టు పక్కన పెట్టడానికి పెద్దగా వెనకాడరు. సివిల్ కేసులో చూసేది ఏది ఎక్కువ సంభావ్యం అన్నదే. అప్పు తీసుకోని మనిషి ఆ అప్పుకు సరిపోయే వడ్డీ నెలనెలా కట్టడం నమ్మశక్యం కాదు.

రెండో దావాలో డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం లేదు, ఇంట్లో ఉంచుకున్నదని వాది అన్నాడు. సాక్షులిద్దరూ వాది బంధువులు. ఒకరు నోటు వాది ఇంట్లో రాశారన్నారు, ఇంకొకరు బజారులో డాక్యుమెంట్ రైటర్ దగ్గర అన్నారు. రిపోర్టు వకాలత్‌తో పోల్చింది కాదు. బ్యాంకు నుంచి తెప్పించిన అదే కాలపు చెక్కులు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తెప్పించిన దస్తావేజు సంతకాలు ల్యాబ్‌కు వెళ్లాయి. గీతల్లో సహజమైన వేగం లేదనీ, అక్షరం మధ్యలో కలం ఆగి మళ్లీ మొదలైన చోట్లు ఉన్నాయనీ, ఒక పాత కాగితం మీది సంతకంతో పెట్టి చూస్తే ఒకదాని మీద ఒకటి అచ్చుగా సరిపోతోందనీ పెద్దవి చేసిన ఫొటోలతో నిపుణుడు చూపించాడు. అలా అచ్చుగా సరిపోవడం అసలు సంతకమని చెప్పదు, దాన్ని కింద పెట్టి దిద్దారని చెబుతుంది. సహజంగా పెట్టిన రెండు సంతకాలు అంత అచ్చుగా ఉండవు. ఇక్కడ దావా పోతుంది, పోవాలి కూడా. కళ్లారా చూశామన్న సాక్షుల మాట ఎప్పుడూ గెలుస్తుందని చట్టం ఎక్కడా చెప్పలేదు. నమ్మదగ్గ మాట అయితేనే అది అభిప్రాయం కంటే పైన ఉంటుంది.

మీ దావా ఈ రెండింటిలో దేనికి దగ్గరో మీకే తెలుసు. ఒక్కటి గుర్తుంచుకోండి, ప్రతివాది సంతకం కాదన్నప్పుడు అది అతనిదేనని రుజువు చేయాల్సిన బాధ్యత మీదే. ప్రోనోటు అంటే ప్రతిఫలం ముట్టినట్టే అనుకునే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ ఊహ, సంతకం రుజువయ్యాకే మీకు అండగా వస్తుంది, అంతకుముందు కాదు. అందుకని డబ్బు కదలికకు సంబంధించిన కాగితాలు ముందు పోగు చేయండి. బ్యాంకు స్టేట్‌మెంట్ ధ్రువీకరణతో తీసుకోండి. ఫోన్ చెల్లింపులో, మెసేజ్‌లో ఉంటే వాటికి ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ జత చేయాలి, లేకపోతే మంచి సాక్ష్యం కూడా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. సాక్షులకు ఏం చెప్పాలో నేర్పకండి. గుర్తున్నది గుర్తున్నట్టు, గుర్తు లేనిది లేదని చెప్పమనండి. నేర్పిన జవాబులు క్రాస్‌లో ఎలా బయటపడతాయో కోర్టు రోజూ చూస్తూనే ఉంటుంది. ప్రతివాది స్వయంగా బోనెక్కి సంతకం తనది కాదని ప్రమాణం చేసి చెప్పాడా లేదా అన్నదీ గమనించండి. ఎక్కకుండా రిపోర్టు ఒక్కటే పెట్టుకుని కూర్చుంటే, కోర్టు దాన్ని అతనికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు.

రిపోర్టు విషయంలో చేయాల్సింది, నిపుణుడిని సాక్షిగా పిలిపించి క్రాస్ చేయడం. రిపోర్టు వచ్చిందని దాన్ని అలాగే వదిలేయడం చాలా దావాల్లో జరిగే పొరపాటు. అభిప్రాయానికి ఆధారమైన కారణాలు కూడా సాక్ష్యమేనని చట్టం చెబుతోంది, ఆ కారణాలు బయటికి వచ్చేది బోనులోనే. ఎన్ని సంతకాలతో పోల్చారు, అవి ఏ తేదీలవి, సహజ వ్యత్యాసం తేల్చడానికి అవి సరిపోతాయా, ఇంకా కావాలని కోర్టుకు రాశారా, అసలు కాగితం చూశారా జిరాక్స్ చూశారా అని అడగండి. జిరాక్స్‌లో ఒత్తిడీ కలం ఎత్తిన చోట్లూ సరిగా కనిపించవు. దావా తర్వాత పెట్టిన సంతకాలని తనకు తెలుసా, తెలిస్తే మార్చి పెట్టిన అవకాశాన్ని ఎలా కొట్టిపారేశారో అడగండి. అతను నిజాయితీగా "పోలికకు ఇచ్చినవి పరిమితం" అని ఒప్పుకుంటే చాలు, రిపోర్టు బరువు సగం తగ్గినట్టే. అతని మీద ఆరోపణలు చేయకండి, అవసరం లేదు, మంచిదీ కాదు. అతనికి ఇచ్చిన సరుకు మీద అతను అభిప్రాయం చెప్పాడు, లోపం ఆ సరుకులో ఉంది.

దీంతో పాటు, 2020 నుంచి 2022 మధ్య అతను పెట్టిన సంతకాలున్న కాగితాలు తెప్పించమని పిటిషన్ వేయవచ్చు. ఖాతా తెరిచిన ఫారం, చెక్కులు, సొసైటీ రుణం కాగితాలు, రిజిస్టరైన దస్తావేజు లాంటివి. అవి అతనివేనని ఒప్పుకోవాలి లేదా రుజువు కావాలి, ఆ తర్వాతే పోలికకు పనికొస్తాయి. నోటు మీద తెలుగులో సంతకం ఉంటే తెలుగు సంతకాలే తెప్పించండి, ఇంగ్లిష్ సంతకంతో పోల్చడం దండగ. సంతకాలను పోలికకు నిపుణుడి దగ్గరికి పంపమనే పిటిషన్‌కు ఇంత గడువులోనే వేయాలన్న కాలపరిమితి లేదని, అది కోర్టు విచక్షణ అని ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ 2015లో చెప్పింది. అయినా ఆలస్యం చేస్తే కేసు సాగదీయడానికేనని కొట్టేసే అవకాశం ఉంటుంది, త్వరగా కదలండి. మొదటి రిపోర్టు నచ్చలేదని మాత్రం రెండోసారి ల్యాబ్‌కు పంపరు. అందులో లోపం ఏమిటో క్రాస్‌లో చూపించి, కోర్టుకు అసంతృప్తి కలిగితేనే మళ్లీ పరీక్షకు ఆదేశం వస్తుంది. మీకు ఆ లోపం ఉంది కాబట్టి వరస ఇలా ఉండాలి: ముందు క్రాస్, తర్వాత కొత్త నమూనాలు, ఆపైన మళ్లీ పరీక్షకు పిటిషన్.

కొందరు జడ్జి గారే రెండు సంతకాలూ చూసి తేల్చమని అడుగుతారు. సాక్ష్య అధినియం 72వ సెక్షన్ కింద కోర్టుకు ఆ అధికారం ఉంది. కానీ జడ్జి తన కంటిచూపునే నమ్ముకుని నిపుణుడి పాత్ర వేయడం ప్రమాదమని సుప్రీంకోర్టు 1978లోనే హెచ్చరించింది. 2008లో ఒక వేలిముద్ర కేసులో పైపైన చూసి పోల్చేసిన పద్ధతిని తప్పుపట్టింది కూడా. మిగతా సాక్ష్యం బలంగా ఉన్నప్పుడు దానికి తోడుగా కోర్టు చూపు పనికొస్తుంది, దాని మీదే దావా నిలబెట్టకండి. మీ నోటు మీద సంతకంతో పాటు వేలిముద్ర కూడా ఉంటే మాత్రం వెంటనే చెప్పండి, కథ మారిపోతుంది. వేలి రేఖలు మనిషి ఇష్టప్రకారం మార్చుకునేవి కావు, ముద్ర స్పష్టంగా ఉంటే ఆ నిపుణుడి మాట చేతిరాత నిపుణుడి మాటకంటే చాలా గట్టిది. సిరా అలికిపోయి రేఖలు కనిపించకపోతే అదీ పనికిరాదు.

సిరా వయసు తేల్చమని అడగాలన్న ఆలోచన ఎవరైనా చెబితే వద్దనండి. ఆ రాత ఏ తేదీన రాశారో నమ్మకంగా చెప్పే పరీక్ష లేదు. పాత కలంతో ఈరోజు రాయవచ్చు కూడా.

ఫోర్జరీ కేసు బెదిరింపు గురించి. క్రిమినల్ కేసులో మీరే ఆ సంతకం పెట్టారని, లేదా దొంగదని తెలిసీ వాడారని అనుమానానికి తావు లేకుండా వాళ్లు రుజువు చేయాలి. ఈ రిపోర్టు చెప్పేది సంతకం అతనిది కాకపోవచ్చని మాత్రమే, ఎవరు పెట్టారో చెప్పదు. చేతిరాత నిపుణుడి అభిప్రాయం ఒక్కదాని మీద శిక్ష వేయడం క్షేమం కాదని సుప్రీంకోర్టు 1977లో చెప్పిన మాట ఇప్పటికీ నిలిచే ఉంది. కాబట్టి ఆ బెదిరింపుకు భయపడి దావా వెనక్కి తీసుకోకండి, రాజీకి తొందరపడకండి. ఫిర్యాదు ఇచ్చారని తెలిస్తే మీ లాయరు గారికి అదే రోజు చెప్పండి, పోలీసులు పిలిస్తే అసలు నోటు కోర్టు కస్టడీలో ఉందని రాతపూర్వకంగా ఇవ్వండి.